ఒకేలా కనిపించే ఇండెక్స్ ఫండ్లలో ఒకటి ఎంచుకోవడం ఎలా?

కాజీపేటలో ఉండే మా చిన్నాన్న కొడుకు మూడు ఇండెక్స్ ఫండ్ల పేర్లు పంపి, "అన్నా, మూడూ నిఫ్టీయే గదా, ఏదైతేంది?" అని అడిగాడు. నిజానికి మూడూ ఒకటి కావు.

ముందు ఫండ్ వివరాలుండే ఫ్యాక్ట్‌షీట్ తెరిచి, అది అనుసరించే సూచీ, అంటే బెంచ్‌మార్క్ పూర్తి పేరు చదవండి. వాడు పంపిన వాటిలో రెండు నిఫ్టీ 50వి, మూడోది నిఫ్టీ 50 ఈక్వల్ వెయిట్. కంపెనీలు అవే. కానీ నిఫ్టీ 50లో పెద్ద కంపెనీలకు పెద్ద వాటా ఉంటుంది, ఈక్వల్ వెయిట్‌లో అన్నిటికీ సమానంగా పంచుతారు. అందుకే రాబడి వేరుగా వస్తుంది. ఇలాంటిదాన్ని ఈ పోలికలోంచి తీసేయాలి. బెంచ్‌మార్క్ పక్కన TRI అని ఉందో లేదో కూడా చూడండి. డివిడెండ్లు కలిపిన సూచీ అది. డివిడెండ్లు లేని సూచీతో పోలిస్తే ఫండ్ సూచీని దాటినట్టు కనిపించవచ్చు, అది నమ్మకండి.

ఇక మిగిలిన రెండింటి ట్రాకింగ్ ఎర్రర్ చూద్దాం. ఉదాహరణకు మొదటిది 0.05 శాతం, రెండోది 0.03 శాతం అనుకోండి. రెండోదే మంచిదని చాలామంది అక్కడే ఆగిపోతారు. ట్రాకింగ్ ఎర్రర్ చెప్పేది ఫండ్‌కూ సూచీకీ మధ్య తేడా రోజురోజుకూ ఎంత ఊగుతోందన్నదే. ఖర్చుల కింద రోజూ ఒకే తీరుగా కొంత కోసేస్తూ ఉంటే అందులో ఊగిసలాట ఉండదు, కాబట్టి ఆ కోత ఈ అంకెలో దాదాపు కనిపించదు.

ఆ కోతను పట్టిచ్చేది ట్రాకింగ్ డిఫరెన్స్, అంటే సూచీ రాబడికీ ఫండ్ రాబడికీ మధ్య తేడా. ఏడాదిలో సూచీ 12 శాతం ఇస్తే మొదటి ఫండ్ 11.8, రెండోది 11.3 ఇచ్చాయనుకుందాం. తేడాలు 0.2, 0.7. అయిదు లక్షల మీద ఏడాదికి రెండు ఫండ్ల మధ్య 2,500 రూపాయల తేడా. నేనైతే మొదటిదే తీసుకుంటాను.

ఈ అంకెలు ఫండ్ కంపెనీల వెబ్‌సైట్లలోనూ, ఆ కంపెనీల సంఘమైన ఆంఫీ సైట్‌లోనూ ఉంటాయి. 2022లో సెబీ తెచ్చిన నిబంధన ప్రకారం ట్రాకింగ్ ఎర్రర్‌ను రోజూ, ట్రాకింగ్ డిఫరెన్స్‌ను నెలనెలా ప్రకటించాలి. పోల్చేటప్పుడు రెండూ ఏజెంట్ కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్‌వే, ఒకే తేదీవి, ఒకే కాలానివి కావాలి. ఒక్క ఏడాదితో సరిపెట్టకుండా మూడేళ్లది, అయిదేళ్లది కూడా చూడండి.

ట్రాకింగ్ ఎర్రర్‌ను పూర్తిగా వదిలేయమని కాదు. ఒకే సూచీ ఫండ్లలో ఒకదానిది మిగతావాటికంటే బాగా ఎక్కువుంటే, చేతిలో నగదు ఎక్కువ ఉంచుకోవడమో, సూచీలో కంపెనీలు మారినప్పుడు ఆలస్యంగా కొనడమో కారణం కావచ్చు.

ఇప్పటికే రెండో ఫండ్‌లో డబ్బుంటే టెన్షన్ పడి వెంటనే అమ్మకండి, లాభం మీద పన్ను పడవచ్చు. కొత్త సిప్‌ను మాత్రం మొదటిదానికి మార్చుకోండి.