పలాస దాటాక బండి ఆలస్యమైపోతోందా? ముందు ఇది చూడండి

గాజు సీసాల కూల్‌డ్రింక్ పంచే డిస్ట్రిబ్యూటర్‌కి పని రెండు వైపులా ఉంటుంది. షాపుకి ఫుల్లు ఇవ్వాలి, ఖాళీలు తెచ్చుకోవాలి. ఒకే బండి వరసగా షాపులన్నీ తిరిగి ఈ రెండు పనులూ చేసుకొస్తే అది మిల్క్ రన్. మధ్యలో ఒక ఊళ్లో సరుకు దించి, అక్కడి నుంచి చిన్న బండి తిప్పితే హబ్ అండ్ స్పోక్. నా గోడౌన్ శ్రీకాకుళంలో ఉంది. రెండు పద్ధతుల్లోనూ దెబ్బలు తిన్నాను.

సమస్య: చివరి ఊరు మిస్ అవుతోంది

బండి ఇచ్ఛాపురం వరకు వెళ్లాలి. వారంలో రెండు రోజులు కంచిలి నుంచే తిరిగొచ్చేస్తోంది. అడిగితే, "ఇంకా ఇచ్ఛాపురం ఎల్తే ఇంటికి ఎప్పుడెల్తాను బాబూ" అన్నాడు డ్రైవర్. షాపులు ఎక్కువయ్యాయనుకుని ఇంకో బండి పెట్టాను. డీజిల్ ఖర్చు పెరిగింది, ఇబ్బంది మాత్రం అలాగే ఉంది.

కారణం

కారణం షాపుల సంఖ్య కాదు, షాపుల దాకా వెళ్లే దారి. ఇది తేలాలంటే ఒక వారం నాలుగు టైములు రాయించండి: గోడౌన్ వదిలింది, మొదటి షాపు చేరింది, చివరి షాపు వదిలింది, గోడౌన్ చేరింది. చివరి ఊరు దాకా వెళ్లిన ఒక రోజు మా లెక్క ఇలా ఉంది. ఉదయం 7కి బయలుదేరి 9కి పలాసలో మొదటి షాపు. సాయంత్రం 5:30కి ఇచ్ఛాపురంలో చివరిది. రాత్రి 9కి గోడౌన్. మొత్తం 14 గంటల్లో ఐదున్నర గంటలు ఒక్క క్రేట్ కూడా చేతులు మారలేదు.

మధ్యలో ఉన్న ఎనిమిదిన్నర గంటల్లో తప్పు పట్టేదేమీ లేదు. 26 షాపులు, షాపుకి 12 నిమిషాల చొప్పున ఐదు గంటలు దాటుతుంది. మిగిలింది ఊళ్ల మధ్య ప్రయాణం, మధ్యాహ్నం షాపులు మూసి ఉండే సమయం. అక్కడ డ్రైవర్‌ని తొందరపెడితే ఖాళీలు లెక్కపెట్టకుండా ఎక్కించుకొస్తాడు, అంతే.

నా లెక్క ప్రకారం వట్టి ప్రయాణం రోజులో మూడో వంతు దాటితే ఆ రూటుకి హబ్ గురించి ఆలోచించాలి. ఆమదాలవలస, నరసన్నపేట వైపు మొదటి షాపు గంటలోపే వస్తుంది, కాబట్టి అక్కడ మిల్క్ రన్‌నే ఉంచాను. రెండు పద్ధతుల్లో ఏదో ఒకటే ఉండాలన్న పట్టుదల వద్దు.

పరిష్కారం

పలాసలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. సోమవారం, గురువారం రాత్రి ఐషర్ లారీ వెళ్లి ఫుల్లు దించి, ఖాళీలు ఎక్కించుకొస్తుంది. చిన్న బండి, దాని డ్రైవర్ పలాసలోనే ఉంటారు. ఇప్పుడు 8కి మొదలుపెడితే అవే 26 షాపులు చూసుకుని సాయంత్రం ఆరు లోపు వచ్చేస్తాడు. శ్రీకాకుళం, పలాస మధ్య రానూపోనూ సుమారు 156 కిలోమీటర్లు. చిన్న బండి వారానికి ఆరుసార్లు తిరిగే ఆ దూరం ఐషర్‌కి రెండుసార్లే. ఐషర్‌కి కిలోమీటరు ఖర్చు ఎక్కువే, దానికి తోడు గది అద్దె, కాపలా కుర్రాడి జీతం. ఈ మూడూ కలిపి చూసుకున్నాకే దిగండి.

ఇంకొకటి, ఆ గదిని జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో అదనపు వ్యాపార స్థలంగా చేర్పించాలి. ఒకే జీఎస్టీ నంబరు కింద పంపే సరుకే అయినా డెలివరీ చలాన్ ఉండాలి, విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లూ కావాలి. రాత్రిపూట హైవే మీద బండి ఆపినప్పుడు ఫోన్లు చేసుకోవడం కంటే ఇది తేలిక.

హబ్ పెట్టాక వచ్చే సమస్య: ఖాళీలు తగ్గిపోవడం

రెండో నెలలోనే ఫ్యాక్టరీకి ఇవ్వాల్సిన ఖాళీలు తగ్గాయి. దొంగతనమని కుర్రాడిని అనుమానించాను, పాపం. వెళ్లి చూస్తే గది వెనక వరండాలో క్రేట్లు గుట్టగా ఉన్నాయి. సగం క్రేట్లలో నాలుగైదు సీసాలు లేవు. నిండని క్రేట్‌ని ఐషర్ వాళ్లు ఎక్కించుకోరు కాబట్టి పక్కన పడేస్తున్నారు. పైగా ఒక్కో క్రేట్ మధ్యలో అదనంగా ఒకసారి దిగి ఎక్కుతుంది కాబట్టి పగిలేవీ ఎక్కువే.

ఇప్పుడు చిన్న బండి గదికి రాగానే నిండని క్రేట్లను కలిపి 24 సీసాలకి నింపుతారు. ఆ తర్వాతే రిజిస్టర్లో రాస్తారు, ఫుల్లుకి ఒక గడి, ఖాళీకి ఒక గడి, పగిలినవాటికి ఒకటి. ఐషర్ ఎన్ని ఫుల్లు దించిందో అన్ని ఖాళీలు ఎక్కాలి. తేడా ఉంటే డ్రైవర్, కుర్రాడు ఇద్దరూ సంతకం పెట్టాకే బండి కదులుతుంది.

ఒక చోట నిల్వ, ఇంకో చోట కొరత

పలాసలో నిమ్మ రుచి పేరుకుపోయింది, అదే వారం శ్రీకాకుళంలో అది దొరకలేదు. సరుకు రెండు చోట్ల పంచినప్పుడు ఇలాగే అవుతుంది. అందుకే రోజూ అమ్ముడుపోయే రెండు రుచులు మాత్రమే పలాసలో మూడు రోజులకి సరిపడా ఉంచుతాం. మిగతావి ముందే ఆర్డర్ రాసుకున్నంతే పంపుతాం. వేసవిలో ఐషర్‌కి మూడో ట్రిప్పు కలుపుతాం గానీ గది మాత్రం పెంచం. చోటు పెద్దదైతే సరుకు అక్కడే ఉండిపోతుంది.