ఛాతీకి ఒకవైపే మంట, పొక్కుల పట్టీ: సర్పి అయితే గంటలు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి?

నాకు సోంపేటలో మందుల దుకాణం ఉంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం మా పెదనాన్న కవిటి నుంచి వచ్చి, "ఒళ్లు మండిపోతోంది, ఏదైనా ఆయింట్‌మెంట్ ఇవ్వరా" అన్నారు. చొక్కా గుండీలు విప్పి, కుడివైపు బట్టను ఒంటికి తగలకుండా రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని ఉన్నారు. పొక్కులు చూడకముందే నాకు అనుమానం వచ్చింది అక్కడే. మామూలు దద్దురుకు దురద ఉంటుంది. చొక్కా గుడ్డ రాసుకున్నా ఓర్చుకోలేనంత మంట ఉందంటే నాడి వైపు ఆలోచించాలి.

సమస్య ఎలా కనిపిస్తుంది

మొదట నొప్పి వస్తుంది, పొక్కులు తర్వాత వస్తాయి. ఈ వరుసే చాలామందిని పక్కదారి పట్టిస్తుంది. పెదనాన్నకు ఆదివారం కుడి రొమ్ము కింద మంట, పోట్లు మొదలయ్యాయి. కొబ్బరికాయల బస్తా ఎత్తినందుకు పట్టేసిందనుకుని నొప్పి మందు రాశారు. బుధవారం సాయంత్రం వీపు మీద ఎర్రటి మచ్చలు పెద్దమ్మ కంటపడ్డాయి. గురువారం పొద్దున్నకు అవి గుత్తులు గుత్తులుగా నీటి పొక్కులయ్యాయి. నేను చూసేసరికి వెన్నుపూస దగ్గర మొదలై, చంక కిందుగా తిరిగి, రొమ్ము ఎముక దగ్గర గీత గీసినట్టు ఆగిపోయాయి. ఎడమవైపు ఒక్క పొక్కు కూడా లేదు.

పొక్కులు రాని ఆ రెండు మూడు రోజుల్లో ఇది గుండె నొప్పో, గ్యాసో తేల్చుకోవడం ఎవరికైనా కష్టమే. చర్మాన్ని తాకితేనే మంట ఎక్కువవుతుంటే నాడి నొప్పి కావచ్చు. కానీ బిగపట్టినట్టు ఉండటం, నడిస్తే పెరగడం, చెమటలు పట్టడం, చేతికో దవడకో పాకడం ఉంటే సర్పి కోసం ఎదురుచూడకూడదు, వెంటనే ఈసీజీ తీయించుకోవాలి.

సర్పి కానివి

మా ప్రాంతంలో రెండింటితో పొరబడతారు. పలాస, కాశీబుగ్గ వైపు జీడి పిక్కలు కొట్టేవారికి తొక్కలోని నూనె తగిలి పొక్కులు వస్తాయి. అవి నూనె తగిలిన చోటే వస్తాయి, ఎక్కువగా చేతుల మీద ఉంటాయి. వరి చేల మధ్య ఉన్న ఊళ్లలో దీపాల వెలుగుకు వచ్చే నలుపు, నారింజ చారల సన్నని పురుగును ఒంటిమీద నలిపితే గీతలా కాలి పొక్కుతుంది. ఈ రెండింటికీ ముందు రోజుల్లో నొప్పి ఉండదు, శరీరం మధ్యగీతతో వాటికి పనీ లేదు.

కారణం

చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గిపోయినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నుపూస పక్కన ఉండే నాడుల ముడుల్లో నిద్రపోతూ ఉంటుంది. వయసు యాభై దాటినప్పుడు, లేదా మధుమేహం, కిడ్నీ జబ్బు, స్టెరాయిడ్ మందుల వంటి వాటివల్ల రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు ఒక ముడిలో మేల్కొని, ఆ నాడి వెంట చర్మం దాకా వస్తుంది. దారిలో నాడిని దెబ్బతీస్తుంది కాబట్టే పొక్కు కన్నా ముందు మంట.

ఛాతీలో ఒక్కో నాడి వెన్ను నుంచి పక్కటెముక వెంట ముందుకు వచ్చి మధ్యగీత దగ్గర ముగుస్తుంది. పట్టీ ఒకవైపే ఉండటానికి కారణం ఇదే. ఈ పట్టీ పాములా ఒంటిని చుట్టేసి "తలా తోకా కలిస్తే మనిషి దక్కడు" అని పెద్దమ్మ ఏడుస్తూ వచ్చింది. ఒక్క నాడి పట్టీ నడుము చుట్టూ తిరిగి కలవదని కాగితం మీద బొమ్మ గీసి చూపించాక గానీ కుదుటపడలేదు. జాజు పూయించడానికి శనివారం తీసుకెళ్లాలనుకున్నారు. నా భయం జాజు గురించి కాదు, ఆ శనివారం గురించి.

సమయం లెక్క

వైరస్ పెరుగుతున్న రోజుల్లోనే దాన్ని ఆపే మాత్రలు బాగా పనిచేస్తాయి. మొదటి మచ్చ కనిపించినప్పటి నుంచి 72 గంటల లోపు మొదలుపెట్టాలి. లెక్క నొప్పి పుట్టిన రోజు నుంచి కాదు, మచ్చ కనిపించిన గంట నుంచి. పెదనాన్నకు అది బుధవారం సాయంత్రం, అంటే గడువు శనివారం సాయంత్రం. ఆయన ఆదివారం నుంచి లెక్కేసుకుని "ఐదు రోజులు దాటిపోయింది, ఇంకేం లాభం" అన్నారు. నిజానికి చేతిలో ఇంకా ఒక రోజు ఉంది.

72 గంటలు దాటినా కొత్త పొక్కులు ఇంకా లేస్తుంటే డాక్టరు మాత్రలు మొదలుపెట్టవచ్చు, ఆలస్యమైందని ఇంట్లో కూర్చోకూడదు. ఈ మందుతో పొక్కులు త్వరగా మానతాయి, తొలివారాల నొప్పి తగ్గుతుంది. నెలల తరబడి మిగిలే నొప్పి రాదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు.

పరిష్కారం

పెదనాన్న అడిగిన ఆయింట్‌మెంట్ నేను ఇవ్వలేదు. వైరస్ నాడిలో ఉన్నప్పుడు పైపూత అక్కడికి చేరదు, ఎసైక్లోవిర్ పూత అయినా అంతే. కావలసింది నోటి మాత్రలు. పెద్దవారికి సాధారణంగా వాలసైక్లోవిర్ ఒక గ్రాము చొప్పున రోజుకు మూడుసార్లు, లేదా ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు రోజుకు ఐదుసార్లు, ఏడు రోజులు రాస్తారు.

కానీ ఆయనది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం. ఇక్కడ ఏ మాత్ర ఇవ్వాలన్నా ముందు కిడ్నీల సంగతి అడగాలి. ఈ మందు మూత్రంలోనే బయటికి పోతుంది. కిడ్నీలు సరిగా వడకట్టకపోతే రక్తంలో పేరుకుని మత్తు, తికమక, లేనివి కనిపించడం మొదలవుతాయి. సాయంత్రానికే డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించాం. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ 2.6 వచ్చింది. వయసు 62, బరువు 54 కిలోలు. ఈ మూడూ కలిపి లెక్కిస్తే కిడ్నీలు నిమిషానికి సుమారు 22 మిల్లీలీటర్లే వడకడుతున్నాయి. అందుకే డాక్టరు ఒక గ్రామును రోజుకు మూడుసార్లు కాకుండా ఒక్కసారే రాశారు. మరొకరి చీటీ చూసి మందు కొనుక్కోవద్దని దుకాణంలో నేను పట్టుబట్టేది ఇందుకే.

నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దన్నారు, అవి కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. పారాసెటమాల్, రాత్రికి చిన్న మోతాదులో నాడి నొప్పి మాత్ర ఇచ్చారు. చల్లని తడిగుడ్డ, వదులైన నూలు బనియను ఆయనకు బాగా ఊరటనిచ్చాయి. పొక్కులు చిదమకూడదు.

ఇంట్లో కోడలు నిండు గర్భిణి. సర్పి నుంచి సర్పి అంటదు గానీ, ఆటలమ్మ రానివారికి పొక్కుల నీటి వల్ల ఆటలమ్మ సోకవచ్చు. అన్నీ చెక్కు కట్టేదాకా పొక్కులు కప్పి ఉంచి, ఆమెను దూరంగా ఉంచాం.

ఎప్పుడు పరుగెత్తాలి

ముక్కు కొనమీద లేదా కంటి చుట్టూ పొక్కు వస్తే అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి, చూపు పోయే ప్రమాదం ఉంది. చెవి దగ్గర పొక్కులతో పాటు మూతి వంకరపోయినా, పొక్కులు ఒళ్లంతా చెదిరినా, మనిషి తికమకగా మాట్లాడినా పెద్దాసుపత్రికే వెళ్లాలి.

పెదనాన్నకు సోమవారం నుంచి కొత్త పొక్కులు లేవలేదు, పదో రోజుకు అన్నీ చెక్కు కట్టాయి. మంట సన్నగిల్లుతూ ఆరు వారాలు ఉంది. మూడు నెలలు దాటినా ఉంటే మళ్లీ రమ్మని డాక్టరు ముందే చెప్పారు, దానికి చికిత్స వేరే ఉంటుంది. ఆ అవసరం రాలేదు. ఏడో వారంలో చొక్కా గుండీలన్నీ పెట్టుకుని దుకాణానికి వచ్చారు.