ఆదోని జిన్నింగ్ కంపెనీని కలుపుకుంటే పుస్తకాల్లో ఎలా రాయాలి?

ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లు నడిపే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉందనుకుందాం. కర్నూలులో పత్తి గింజల నుంచి నూనె తీసే కంపెనీ మరొకటి. దూది వేరు చేశాక మొదటి మిల్లులో మిగిలే గింజే రెండో మిల్లుకు ముడిసరుకు. ఇప్పుడు నూనె కంపెనీ జిన్నింగ్ కంపెనీని తనలో కలుపుకుంటోంది. రెండు కంపెనీలూ, వాటి అంకెలూ ఉదాహరణ కోసం కల్పించినవే. లెక్క పద్ధతి మాత్రం ఏఎస్ 14 అనే అకౌంటింగ్ స్టాండర్డ్‌ది. ఇండ్ ఏఎస్ అనే మరో స్టాండర్డ్‌ల వరుస పరిధిలోకి రాని కంపెనీలన్నీ దీన్నే పాటిస్తాయి.

పని మొదలుపెట్టేముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఏఎస్ 14 విలీనాలను రెండు రకాలుగా చూస్తుంది. ఒకటి అచ్చమైన కలయిక, రెండోది కొనుగోలు లాంటిది. మొదటి రకం కావాలంటే అయిదు షరతులు నెరవేరాలి. ఈక్విటీ షేర్ల ముఖ విలువలో కనీసం 90 శాతం ఉన్న పాత వాటాదారులు కలుపుకునే కంపెనీలో వాటాదారులు కావాలి. వాళ్లకు షేర్లే ఇవ్వాలి, ముక్క షేర్లకు తప్ప నగదు ఇవ్వకూడదు. ఆస్తుల పుస్తక విలువలను మార్చకూడదు. మిగతా రెండు షరతులు మామూలుగా ఎలాగూ నెరవేరేవే. మన ఉదాహరణలో షేర్లతో పాటు నగదు కూడా ఇస్తున్నారు, స్థలం విలువ కూడా మారుస్తున్నారు. కాబట్టి ఇది కొనుగోలు రకం. తీసుకున్నదాని కంటే ఎక్కువ ఇస్తే వచ్చే గుడ్‌విల్ గానీ, తక్కువ ఇస్తే వచ్చే క్యాపిటల్ రిజర్వ్ గానీ పుట్టేది ఈ రకంలోనే.

ఇక్కడి నుంచి ప్రశ్నలు రెండే. మనం ఎంత ఇస్తున్నాం? ఏం తీసుకుంటున్నాం? ఈ రెండింటినీ విడివిడిగా తేల్చి, ఆఖర్లోనే పక్కపక్కన పెట్టాలి. తప్పుల్లో చాలా భాగం వీటిని ముందే కలిపేయడం వల్ల వచ్చేవే.

1. కొనుగోలు ప్రతిఫలం: ఎంత ఇస్తున్నాం?

జిన్నింగ్ కంపెనీకి 10 రూపాయల షేర్లు 10 లక్షలు ఉన్నాయి. ఒప్పందం ప్రకారం అందులోని ప్రతి 5 షేర్లకు నూనె కంపెనీ 3 షేర్లు ఇస్తుంది. పైగా ఒక్కో పాత షేరుకు 2 రూపాయల నగదు ఇస్తుంది. నూనె కంపెనీ షేరు ముఖ విలువ 10 రూపాయలే అయినా, రిజిస్టర్డ్ వాల్యుయర్ దానికి కట్టిన విలువ 25 రూపాయలు.

ఇవ్వాల్సిన షేర్లు 6 లక్షలు. ఒక్కోటి 25 చొప్పున 150 లక్షలు. నగదు 20 లక్షలు. మొత్తం ప్రతిఫలం 170 లక్షలు.

ఇందులో లెక్కపెట్టింది వాటాదారుల చేతికి వెళ్లేది మాత్రమే. ఏఎస్ 14 ఇచ్చిన నిర్వచనం అదే. జిన్నింగ్ కంపెనీ బ్యాంకు అప్పును నూనె కంపెనీ మర్నాడే తీర్చేసినా ఆ మొత్తం ప్రతిఫలంలోకి రాదు. అది విలీనంలో మన మీదికొచ్చిన అప్పు, తీసుకున్న వాటి జాబితాలో ఉంటుంది. విలీనం ఖర్చులు కూడా ప్రతిఫలంలోకి రావు.

షేరును 25కు బదులు ముఖ విలువ 10కే లెక్కేస్తే ఏమవుతుందో చూడండి. ప్రతిఫలం 60 లక్షల విలువైన షేర్లు, 20 లక్షల నగదు కలిపి 80 లక్షలకు పడిపోతుంది. తీసుకున్న నికర ఆస్తి 150 లక్షలని కాసేపట్లో తేలుతుంది. అంటే 70 లక్షల క్యాపిటల్ రిజర్వ్ ఎక్కడి నుంచో ఊడిపడినట్టు కనిపిస్తుంది. నడుస్తున్న మిల్లును దాని ఆస్తుల్లో సగం ధరకు ఎవరూ ఊరికే ఇవ్వరు. ఇంత పెద్ద రిజర్వ్ కనబడితే ముందు షేరు ధర ఏది తీసుకున్నామో వెనక్కి వెళ్లి చూసుకోవాలి.

2. ఏం తీసుకుంటున్నాం?

విలీనం ఏ తేదీ నుంచి అమల్లోకి వస్తుందో రెండు కంపెనీలూ రాసుకునే విలీన స్కీములో ఉంటుంది. దాన్ని అపాయింటెడ్ డేట్ అంటారు. సాధారణంగా ఏప్రిల్ 1 పెట్టుకుంటారు. ఆ రోజు జిన్నింగ్ కంపెనీ పుస్తకాల్లో ఉన్నవి ఇవి: స్థలం, భవనాలు 70 లక్షలు; యంత్రాలు 60; సరుకు 40; రావాల్సిన బాకీలు 35; బ్యాంకులో 15. మొత్తం 220. అటువైపు బ్యాంకు అప్పు 60, వ్యాపారులకు ఇవ్వాల్సింది 24, వాటా మూలధనం 100, రిజర్వులు 36.

ఆస్తులను పాత పుస్తక విలువకే తీసుకోవచ్చు, లేదా నేటి న్యాయమైన విలువ కట్టి తీసుకోవచ్చు. ఏఎస్ 14 రెండింటినీ ఒప్పుకుంటుంది. ఇక్కడ విలువ కట్టించారు. ఎప్పుడో కొన్న స్థలం, భవనాలు 110 లక్షలకు లేచాయి. డబుల్ రోలర్ జిన్‌లు అరిగి ఉండటంతో యంత్రాలు 48కి తగ్గాయి. రంగు మారిన బేళ్లు కొన్ని ఉండటంతో సరుకు 36 అయింది. స్థలానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు విలువనే రాసేయడం చాలామంది చేసే పని. అది స్టాంపు డ్యూటీ కోసం పెట్టిన విలువ, అమ్మితే వచ్చే ధర కాకపోవచ్చు.

బాకీల దగ్గర కాస్త ఆగాలి. 35 లక్షల్లో 9.50 లక్షలు గింజలు కొన్న నూనె కంపెనీ నుంచే రావాలి. కానీ నూనె కంపెనీ పుస్తకంలో ఇవ్వాల్సింది 9 లక్షలే ఉంది. తేడా 50 వేలు ఎక్కడిదని బిల్లులు, కాటా చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తే, గింజలో నిమ్ము ఎక్కువుందని నూనె మిల్లు కోత పెట్టుకుంది. జిన్నింగ్ మిల్లు ఆ కోతను ఒప్పుకోలేదు, పుస్తకంలో రాయనూ లేదు. విలీనం కాకముందే దీన్ని తేల్చుకోవాలి. ఆ తర్వాత అడిగేవాళ్లూ చెప్పేవాళ్లూ ఒకే కంపెనీ అయిపోతారు, ఆ 50 వేలు ఎవరికీ చెందని బాకీగా ఏళ్ల తరబడి వేలాడుతుంది. ఇక్కడ కోతను ఒప్పుకున్నారు, బాకీలు 34.50 అయ్యాయి. ఒక స్పిన్నింగ్ మిల్లు రెండేళ్లుగా తేల్చని 3.50 లక్షలు మాత్రం వస్తాయన్న నమ్మకం లేదు. అది పోగా నికరంగా 31.

అప్పుల వైపు పుస్తకంలో లేనివి వెతకాలి. ఏళ్ల తరబడి పనిచేస్తున్న కార్మికుల గ్రాట్యుటీకి ఈ కంపెనీ ఏమీ కేటాయించలేదు. లెక్కిస్తే 6 లక్షలు తేలింది.

ఆస్తులు 110, 48, 36, 31, 15 కలిపి 240. అప్పులు 60, 24, 6 కలిపి 90. నికర ఆస్తి 150 లక్షలు.

3. రెండింటినీ పక్కపక్కన పెట్టడం

ఇచ్చింది 170, వచ్చింది 150. ఎక్కువ ఇచ్చిన 20 లక్షలు గుడ్‌విల్. రైతులతో పరిచయాలు, కొనుగోలుదారుల నమ్మకం, సీజన్‌లో గింజకు ఢోకా లేకపోవడం లాంటి వాటికి ఇచ్చిన ధర అది.

ఒప్పందం 5 షేర్లకు 2 చొప్పున కుదిరి ఉంటే? 4 లక్షల షేర్లు 25 చొప్పున 100 లక్షలు, నగదు 20, మొత్తం 120. అప్పుడు 30 లక్షలు తక్కువ ఇచ్చినట్టు. అది క్యాపిటల్ రిజర్వ్. వ్యాపారంలో సంపాదించిన లాభం కాదు కాబట్టి లాభనష్టాల ఖాతాలోకి వెళ్లదు, డివిడెండుగా పంచేది కూడా కాదు.

కొందరు నికర ఆస్తి 150నే ప్రతిఫలంగా రాసుకుని, మళ్లీ అందులోంచి 150 తీసేసి గుడ్‌విల్ లేదంటారు. ఒకే అంకెను రెండుసార్లు వాడితే సున్నా రాక ఇంకేం వస్తుంది?

4. నూనె కంపెనీ పుస్తకాల్లో జర్నల్ పద్దులు

మొదటి పద్దు ప్రతిఫలం బాకీ పడినట్టు: బిజినెస్ పర్చేజ్ ఖాతా డెబిట్ 170, జిన్నింగ్ కంపెనీ లిక్విడేటర్ ఖాతా క్రెడిట్ 170. పాఠ్యపుస్తకాలన్నీ లిక్విడేటర్ అనే రాస్తాయి. నిజానికి కంపెనీల చట్టం సెక్షన్ 232 కింద జరిగే విలీనంలో పాత కంపెనీ లిక్విడేషన్ లేకుండానే రద్దు కావచ్చు. కాబట్టి ఆఫీసులో ఆ ఖాతాకు పాత కంపెనీ వాటాదారుల పేరు పెట్టుకున్నా తప్పులేదు.

రెండో పద్దు అసలైనది, తీసుకున్నవన్నీ ఇందులో వస్తాయి.

డెబిట్: స్థలం, భవనాలు 110, యంత్రాలు 48, సరుకు 36, బాకీలు 34.50, బ్యాంకు 15, గుడ్‌విల్ 20. మొత్తం 263.50.

క్రెడిట్: బ్యాంకు అప్పు 60, వ్యాపారులకు ఇవ్వాల్సింది 24, గ్రాట్యుటీ కేటాయింపు 6, రాని బాకీల కేటాయింపు 3.50, బిజినెస్ పర్చేజ్ 170. మొత్తం 263.50.

బాకీలను నికరంగా 31 అని రాయకుండా 34.50 డెబిట్ చేసి 3.50 క్రెడిట్ చేయడానికి కారణముంది. పార్టీల వారీ లెడ్జర్ మొత్తం 34.50 ఉంటుంది, దానితో సరిపోవాలి కదా. ఇక క్యాపిటల్ రిజర్వ్ వచ్చే లెక్కలో గుడ్‌విల్ డెబిట్ ఉండదు, బిజినెస్ పర్చేజ్ 120 అవుతుంది, క్రెడిట్ వైపు క్యాపిటల్ రిజర్వ్ 30 చేరుతుంది. రెండువైపులా 243.50.

జిన్నింగ్ కంపెనీ రిజర్వులు 36 లక్షలు ఈ పద్దులో ఎక్కడా లేవని గమనించండి. కొనుగోలు పద్ధతిలో అవి పాత కంపెనీతోనే పోతాయి. వాటిని తెచ్చి మన రిజర్వుల్లో కలిపితే బ్యాలెన్స్ షీట్ 36 లక్షల తేడాతో నిలబడుతుంది, దాన్ని సరిపెట్టడానికి గుడ్‌విల్‌ను 56 చేసేవాళ్లూ ఉన్నారు.

మూడో పద్దు చెల్లింపు: లిక్విడేటర్ ఖాతా డెబిట్ 170, ఈక్విటీ వాటా మూలధనం క్రెడిట్ 60, సెక్యూరిటీస్ ప్రీమియం 90, బ్యాంకు 20. విలీనానికి అనుమతిచ్చే ఉత్తర్వు వచ్చి షేర్లు కేటాయించేసరికి నెలలు గడవచ్చు. ఈలోగా మార్చి 31 వస్తే షేర్లకు సంబంధించిన 150 లక్షలను కేటాయించాల్సిన షేర్ల పేరుతో విడిగా చూపించాలి.

తర్వాత రెండు చిన్న పద్దులు. రెండు కంపెనీల మధ్య ఉన్న 9 లక్షలను కొట్టేయాలి: వ్యాపారులకు ఇవ్వాల్సింది డెబిట్ 9, బాకీలు క్రెడిట్ 9. గుడ్‌విల్ దీనివల్ల మారదు. జిన్నింగ్ కంపెనీ రద్దు ఖర్చులు 3 లక్షలు నూనె కంపెనీ భరిస్తే, పాఠ్యపుస్తకాల పద్ధతిలో గుడ్‌విల్ డెబిట్ 3, బ్యాంకు క్రెడిట్ 3. గుడ్‌విల్ 23 అయింది. ఇండ్ ఏఎస్ 103 పాటించే కంపెనీ అయితే కొనుగోలు ఖర్చులను ఆ ఏడాది లాభనష్టాల్లోనే రాసేయాలి.

5. ఆ తర్వాత గుడ్‌విల్‌ను ఏం చేయాలి?

ఏఎస్ 14 ప్రకారం దాన్ని ఉపయోగపడే కాలంలో విడతలుగా రద్దు చేయాలి. ఎక్కువ కాలం అవసరమని చూపించలేకపోతే అది అయిదేళ్లు దాటకూడదు. అయిదేళ్లకు సమానంగా పంచితే ఏటా 4.60 లక్షలు లాభంలోంచి పోతాయి. ఇండ్ ఏఎస్‌లో ఇలా ఏటా తగ్గించరు. విలువ పడిపోయిందేమో ఏటా పరీక్షించి, పడితేనే తగ్గిస్తారు.

పుస్తకాల్లో రాసే ఈ 4.60 లక్షలకు ఆదాయపు పన్నులో తరుగుదల రాదు. 2021 ఫైనాన్స్ చట్టం గుడ్‌విల్‌ను తరుగుదల దొరికే ఆస్తుల జాబితా నుంచి తీసేసింది, అసెస్‌మెంట్ సంవత్సరం 2021-22 నుంచే అది అమల్లో ఉంది. కాబట్టి పన్ను లెక్క వేసేటప్పుడు ఆ మొత్తాన్ని లాభానికి తిరిగి కలుపుకోవాలి.