పాతికేళ్ల పెళ్లిరోజు కానుక: ముందు మాట, తర్వాతే ప్యాకెట్

కానుక చేతికిచ్చేశాక మాట్లాడితే ఎవరూ వినరు, అందరి చూపూ ప్యాకెట్ మీదే. అందుకే ముందు మాట్లాడండి. జోకు ఆ కానుకకే ముడిపడితే ఇంకా పండుతుంది. గోడ గడియారం ఇస్తున్నారనుకోండి:

"పాతికేళ్లుగా అన్నయ్య 'ఐదు నిమిషాల్లో ఇంట్లో ఉంటా' అని ఫోన్లో చెబుతూనే ఉన్నాడు. వదిన నమ్మి రెండు కంచాలు పెడుతూనే ఉంది. అంత నమ్మకమున్న ఇంట్లో గడియారం ఎందుకు? అయినా తెచ్చాం. వదినా, నీ కోసం దీన్ని గంట వెనక్కి తిప్పి ఇస్తున్నాం!"

వాళ్లే నలుగురిలో చెప్పుకుని నవ్వుకునే అలవాటునే ఎంచుకోండి. డబ్బు, ఒళ్లు, అత్తింటివారి జోలికి మాత్రం వెళ్లకండి (పాత ప్రేమకథలైతే అసలే వద్దు). నిమిషంలో ముగించి, నవ్వులు ఆగకముందే ప్యాకెట్ ఇద్దరి చేతుల్లో పెట్టేయండి.