పాత ప్రేమ నుంచి మెసేజ్ వస్తే

"ఎలా ఉన్నావ్?" అని పాత ప్రేమ నుంచి మెసేజ్ వస్తే, జవాబు పెట్టకముందే ఆ రోజే భార్యకో భర్తకో చూపించండి. వారం ఆగి చెబితే, మెసేజ్ కన్నా ఆ వారం రోజుల మౌనమే పెద్ద గొడవవుతుంది.

జవాబివ్వాలనిపిస్తే ఒక్కటే, ప్రశ్న లేకుండా: "బాగున్నాం, మీరూ బాగుండాలి." చివర్లో ప్రశ్న పెడితే సంభాషణ మీరే పొడిగించినట్టు. అటునుంచి మళ్లీ పాత జ్ఞాపకాలు మొదలైతే మ్యూట్ చాలదు, బ్లాక్ చేయండి. మ్యూట్ చేసిన చాట్‌ని రాత్రిపూట తెరిచి చూడాలనిపిస్తుంది మరి!

దగ్గరి స్నేహితుల విషయంలో ఇంత కట్టడి అక్కర్లేదు. కానీ ఇంట్లో గొడవైనప్పుడు ఆ సంగతి ముందుగా వాళ్లకే చెప్పుకుంటున్నారా, చాట్ డిలీట్ చేస్తున్నారా? అయితే గీత దాటినట్టే.