చివరి గంట కార్డులు: తేదీ గుర్తుంది, జవాబు తప్పింది

సమస్య: పోటీ పరీక్షకు ముందు చివరి గంటలో తేదీల కార్డులన్నీ చదివాకే హాల్లోకి వెళ్లారు. ఇచ్చిన నాలుగు తేదీల్లో రెండు బాగా తెలిసినవే అనిపించాయి. ఒకటి పెట్టారు, తప్పింది. అందరూ జ్ఞాపకశక్తిని తిట్టుకుంటారు గానీ ముందు కార్డును చూడరు.

పరీక్షించే పద్ధతి చాలా చిన్నది. ఓ పది కార్డులు తీసి, తేదీ ఒక్కటే కనబడేలా మిగతాది చేత్తో మూయండి. "ఆ రోజు సరిగ్గా ఏం జరిగింది?" అని అడగండి. "అదే, ఆ చట్టం" అని మాత్రమే వస్తే లోపం కార్డులోనే ఉంది.

కారణం: తేదీ పక్కన క్రియ, అంటే ఆ రోజు ఏం జరిగిందో చెప్పే మాట, లేదు. ఇది అంశాలవారీగా సర్దేటప్పుడే పుడుతుంది. నెలవారీ నోట్సులో ఒకే చట్టం మూడు నాలుగు చోట్ల వస్తుంది, ఒక్కోచోట ఒక్కో తేదీతో. వాటిని ఒక కార్డులోకి దించేటప్పుడు "ఇది రాసేశాను కదా" అని మిగతావి కొట్టేస్తాం. చివరికి మిగిలిన తేదీ దేనిదో ఎవరికీ తెలియదు.

నేను దెబ్బతిన్న కార్డు ఇది: "భారతీయ న్యాయ సంహిత – 25-12-2023 – చారిత్రక మార్పు". ప్రశ్న అమలు తేదీ గురించి. నేను డిసెంబర్ 25 పెట్టాను. అది రాష్ట్రపతి ఆమోదించిన రోజు. అమల్లోకి వచ్చింది 1-7-2024న. ఇప్పుడు ఆ కార్డు ఇలా ఉంది:

లోక్‌సభ ఆమోదం: 20-12-2023
రాజ్యసభ ఆమోదం: 21-12-2023
రాష్ట్రపతి ఆమోదం: 25-12-2023
అమలు: 1-7-2024 (106(2) మినహా)
ప్రాధాన్యం: 1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానంలో వచ్చింది.

చివరి వరుస చూడండి. "చారిత్రకం" అన్న మాట ఏ కార్డు మీద రాసినా అతుకుతుంది కాబట్టి దేనికీ పనికిరాదు. అంతకుముందు ఏం ఉండేది, ఇప్పుడు ఏం మారింది అన్నదే రాయాలి. బ్రాకెట్లో ఉన్న మినహాయింపు కూడా అక్కడే ఉండాలి. ప్రమాదం చేసి పారిపోయిన డ్రైవర్లకు సంబంధించిన ఆ ఉపసెక్షన్‌ను మిగతావాటితో కలిపి అమల్లోకి తేలేదు. ప్రశ్న తయారుచేసేవాళ్లకు ఇలాంటివంటే మహా ఇష్టం.

పరిష్కారం: రెండో తేదీ కనిపించగానే మొదటిదాన్ని కొట్టేయకండి, క్రియ తగిలించి దాని కిందే రాయండి. అంతరిక్షం కట్టలోనూ ఇంతే. ఆదిత్య-ఎల్1 "ప్రయోగం: 2-9-2023", "ఎల్1 చుట్టూ కక్ష్యలోకి: 6-1-2024". చివరి గంటలో నాలుగు తేదీల వరుసలూ చదివే టైమ్ లేకపోతే మొదటిదీ చివరిదీ చాలు, అందుకే ఆ రెంటి కింద గీత గీసి పెట్టుకుంటాను.

ఇంకా కారణాలున్నాయి: ఒకే ఘటన రెండు కట్టల్లో ఉండటం, రాత కొక్కిరిగా ఉండి 1 కాస్తా 7లా కనబడటం. అరుదు, చూసినప్పుడు దిద్దుకుంటే సరి.