తరుగుదల పట్టిక దిద్దేటప్పుడు ఒక్క తప్పుకు నాలుగుసార్లు మార్కులు కోయకండి

తగ్గుతున్న నిల్వల పద్ధతిలో ఒక ఏడాది చేసిన తప్పు కింది వరుసలన్నిటికీ పాకుతుంది. అందుకే జవాబు కాగితాన్ని కీతో కాకుండా, అదే కాగితంలోని పై వరుసతో పోల్చాలి.

ఆస్తి ఖరీదు 1,00,000, తుక్కు విలువ 10,000, రేటు 20 శాతం అనుకుందాం. పుస్తక విలువలు వరుసగా 80,000, 64,000, 51,200, 40,960 రావాలి. ఒక విద్యార్థి రెండో ఏడాది తరుగుదల 16,000 సరిగ్గానే వేసి, తీసివేతలో పొరబడి 66,000 రాశాడు. ఆ తర్వాత 13,200 తీసి 52,800, దానిలోంచి 10,560 తీసి 42,240. కీ పక్కన పెడితే మూడూ తప్పే. కానీ 66,000లో 20 శాతం 13,200, 52,800లో 20 శాతం 10,560. పద్ధతి పక్కాగా ఉంది. రెండో ఏడాది దగ్గర మాత్రమే మార్కు తగ్గించి, మిగతావి ఇచ్చేయడమే న్యాయం.

రెండో ఏడాది కూడా 20,000 తీసి 60,000 రాస్తే మాత్రం అది లెక్క తప్పు కాదు, పద్ధతే తెలియలేదని. మొదటి ఏడాదే 18,000 కనిపిస్తే, తుక్కు విలువ 10,000 ముందే తీసేసి 90,000 మీద రేటు వేశాడేమో చూడండి. ఈ పద్ధతిలో అలా తీయకూడదు.

స్థిర వాయిదాల పద్ధతికి ఇంత శ్రమ అక్కర్లేదు. అదే ఆస్తికి 5 ఏళ్ల జీవితకాలమైతే ఏటా 18,000. చివరి పుస్తక విలువ సరిగ్గా 10,000 దగ్గర ఆగిందా అని ముందు చూడండి. ఆగకపోతేనే పైకి వెళ్లి వెతకండి. రెండో ఏడాది చివర ఇక్కడ కూడా 64,000 వస్తుంది కాబట్టి, ఆ ఒక్క అంకె చూసి పద్ధతిని నిర్ధారించకండి.